ఫోన్ గీసిన చంద్రుడా, లెన్స్ చూసిన చంద్రుడా: క్లావియస్ దగ్గర తేలిపోతుంది

ప్రశ్న: అన్నా, మాది గుణుపురం. నా ఫోన్‌లో వంద రెట్లు జూమ్ పెట్టి తీస్తే చంద్రుడు గుంటలతో సహా అద్దంలా వస్తున్నాడు. మా మామయ్య పాత కెమెరా, 70-300 లెన్స్ తెచ్చి తీస్తే మాత్రం తెల్లటి ఇడ్లీలా వచ్చాడు. ఫోన్‌లోది ఉత్త పెయింటింగ్ అంటున్నారు ఫ్రెండ్స్. నిజమో కాదో ఎలా తెలుస్తుంది? లెన్స్‌తో అసలైన గుంటలు ఎలా తీయాలి?

జవాబు:

ఆ ఇడ్లీని డిలీట్ చేయకు తమ్ముడూ. దానికున్న జబ్బు వెలుతురు ఎక్కువవడం ఒక్కటే. ఫ్రేమంతా నల్లటి ఆకాశం, మధ్యలో చిన్న చందమామ. కెమెరా ఆ నలుపంతా చూసి, చీకటిగా ఉందనుకుని షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. చంద్రుడేమో ఎండలో ఉన్న రాయి. ఎండలో ఉన్న రాయిని తీసినట్టే తీయాలి. మాన్యువల్‌లో పెట్టి షట్టర్ తగ్గిస్తే ఆ జబ్బు అక్కడికక్కడే పోతుంది. నీ ఫోన్ బొమ్మకున్న జబ్బు అలా మీటలు తిప్పితే పోయేది కాదు.

నాది పర్లాకిమిడిలో స్టూడియో. పెళ్ళిళ్ళతో పొట్ట గడుస్తుంది, చంద్రుడు నా పిచ్చి. కొన్నాళ్ళ కిందట ఒకాయన ఫోన్‌లో తీసిన చంద్రుణ్ణి హాల్లో పెట్టుకోవడానికి ఇరవై బై ముప్ఫై సైజు ప్రింట్ వేయమని తెచ్చాడు. కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే ప్రతి గుంటకీ గట్టు ఉంది, ప్రతి గట్టూ పదునుగా ఉంది. అంత పదునైన గట్లలో ఒక్కదానికి కూడా పొడవాటి నీడ లేదు. సగానికి కాస్త పైబడిన చంద్రుడది. అలాంటి రోజున వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర నీడలు సాయంత్రపు తాటిచెట్టు నీడల్లా సాగి ఉండాలి. ఆయనకది చెబితే నొచ్చుకున్నాడు. ప్రింట్ మాత్రం వేసిచ్చాను, వ్యాపారం కదా.

నీ అనుమానం తీరడానికి ఒక చిన్న లెక్క చాలు. వెలుతురు అల కాబట్టి, చిన్న కన్నంలోంచి దూరినప్పుడు కొంచెం చెదురుతుంది. కన్నం ఎంత చిన్నదైతే అంత ఎక్కువ చెదురుతుంది. అందుకని ఏ లెన్స్‌కైనా, అద్దం ఎంత గొప్పదైనా, ఇంతకంటే సన్నని వివరం చూడలేననే హద్దు ఒకటుంటుంది. చంద్రుడి సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు పెట్టి లెక్క కడితే అది తేలిగ్గా గుర్తుండే రూపంలోకి వస్తుంది: 260ని లెన్స్ నోటి వెడల్పుతో, మిల్లీమీటర్లలో, భాగించు. వచ్చినదే చంద్రుడి మీద ఆ లెన్స్ విడదీయగలిగే కనీస దూరం, కిలోమీటర్లలో. నోటి వెడల్పు కావాలంటే ఫోకల్ లెంగ్త్‌ను f నంబర్‌తో భాగిస్తే చాలు.

పది రెట్ల ఆప్టికల్ జూమ్ ఉన్న కొన్ని పెద్ద ఫోన్లలో ఆ లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్ సుమారు 27 మిల్లీమీటర్లు, f/4.9. అంటే నోరు అయిదున్నర మిల్లీమీటర్లు, శనగగింజంత. 260ని దాంతో భాగిస్తే 47 కిలోమీటర్లు. ఆ పైన వంద రెట్లన్నా వెయ్యి రెట్లన్నా అది సాగదీయడమే, నోరు పెద్దది కాదు. మీ మామయ్య లెన్స్‌ను 300 దగ్గర f/8లో పెడితే నోరు 37 మిల్లీమీటర్ల పైచిలుకు, హద్దు 7 కిలోమీటర్లు. బొమ్మ చూడటానికి ఇడ్లీలా ఉన్నా దానిలోకి వచ్చిన సమాచారం ఫోన్ కంటే ఆరేడు రెట్లు సన్ననిది. ఇది ఉత్త హద్దు మాత్రమే సుమా. గుంట గుంటలా, లోపల నీడతో కనబడాలంటే దాని వెడల్పు ఈ అంకెకు కనీసం రెట్టింపు ఉండాలి.

ఇప్పుడు చంద్రుడి మీద కొలబద్ద ఒకటి కావాలి. నేను వాడేది క్లావియస్. దక్షిణపు కొస దగ్గర ఉండే పెద్ద బిలం, 231 కిలోమీటర్ల వెడల్పు. అంచుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి మనకు గుండ్రంగా కాక అణిచినట్టు కోలగా కనబడుతుంది. దాని లోపల చిన్న గుంటలు ఒక వంపులో, పెద్దదాని నుంచి చిన్నదాని వరకు వరసగా ఉంటాయి, ఎవరో కొలత కోసమే పేర్చినట్టు. గట్టు మీద రూథర్‌ఫర్డ్ సుమారు 50 కిలోమీటర్లు. అక్కడి నుంచి అక్షరాలే పేర్లుగా ఉన్న గుంటలు: D 28, C 21, N 13, J 12. వీటిలో ఎక్కడి దాకా కనబడిందో చూస్తే నీ పరికరం సత్తా తెలిసిపోతుంది. ఫోన్‌కు హద్దు 47 కాబట్టి క్లావియస్ మొత్తం ఒక మసక కోలగా రావచ్చు, రూథర్‌ఫర్డ్ వచ్చిందంటే అనుమానంగా చూడాలి. నీ ఫోన్ బొమ్మలో D, C విడివిడిగా గట్లతో కనబడ్డాయా, అవి ఆ అద్దంలోంచి వచ్చినవి కావు. ఫోన్‌కు గుర్తున్న చంద్రుళ్ళలోంచి వచ్చినవి.

లెక్క మీద నమ్మకం లేకపోతే ఇంట్లోనే పరీక్ష పెట్టు. 2023 మార్చిలో రెడిట్‌లో ఒకాయన చేసి చూపించినదే ఇది. చంద్రుడి ఫోటోను 170 పిక్సెళ్ళకు కుదించి, మసకబార్చి, చీకటి గదిలో మానిటర్ మీద పెట్టి ఒక శాంసంగ్ ఫోన్‌తో దూరం నుంచి తీశాడు. స్క్రీన్ మీద లేని వివరాలు ఫోటోలో వచ్చాయి. ఆ తర్వాత ఆ కంపెనీయే, సీన్ ఆప్టిమైజర్ చంద్రుణ్ణి గుర్తుపట్టి వివరాలు పెంచుతుందనీ, దాన్ని ఆపుకోవచ్చనీ వివరించింది. నువ్వు చేసేటప్పుడు స్క్రీన్ మీద చంద్రుడు మూడున్నర సెంటీమీటర్లు ఉండేలా పెట్టి నాలుగు మీటర్ల దూరంలో నిలబడితే ఆకాశంలో కనిపించేంత సైజే అవుతుంది. నేను మా మానిటర్ మీద ఇంకొంచెం అల్లరి చేశాను. మసకబార్చిన చంద్రుడి మీద ఒక చోట చదునైన బూడిదరంగు చతురస్రం అతికించి, ఒక కస్టమర్ ఫోన్‌తో తీశాను. ఆ చతురస్రం మీద కూడా చంద్రుడి గరుకు మొలిచింది. ఆకాశంలో అలాంటి చతురస్రం లేదని పాపం దానికి తెలుసు, నా మానిటర్ మీద ఉందని తెలియదు.

అలాగని ఫోన్ చేసే ప్రతి పనీ మోసం కాదు. పది ఫ్రేములు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చి గింజను, అంటే ఫోటో మీది చుక్కల గరుకును, తగ్గించడం న్యాయమైన పనే. కింద నేను కెమెరాతో చెప్పబోయేది కూడా అదే. తేడా అల్లా, పేర్చినవన్నీ ఆ రాత్రి ఆ అద్దంలోంచి వచ్చినవేనా అన్నది. ఫోన్‌లో ప్రో మోడ్‌కు వెళ్ళి, రా ఫైల్ పెట్టి, సీన్ గుర్తుపట్టే ఆప్షన్లన్నీ ఆపి తీస్తే నిజం వస్తుంది. తీసేముందు జూమ్ లెన్స్‌ను వేలితో మూసి చూడు. తెర మీద చంద్రుడు మాయం కాకపోతే ఫోన్ నీకు చెప్పకుండా మామూలు కెమెరాతో తీసి కత్తిరిస్తోందన్నమాట.

ఫోన్ తప్ప గతి లేనివాళ్ళకు ఒక దారుంది. 10x50 బైనాక్యులర్‌ను స్టాండ్‌కు గట్టిగా కట్టి, కంటి అద్దం వెనక ఫోన్ మామూలు కెమెరాను ఆనించి తీయడం. ఇందులో చాలామంది పొరబడేది ఒకటుంది: బైనాక్యులర్ ముందు నోరు 50 అయినా అదంతా ఫోన్‌లోకి దూరదు. ఫోన్ కన్నం మూడు మిల్లీమీటర్లయితే, పది రెట్లు కలిపి, వాడుకున్నది 30 మాత్రమే. అయినా హద్దు 9 కిలోమీటర్లకు దిగుతుంది. ఏ వంద రెట్ల జూమ్ కంటే అది మేలు.

ఇక లెన్స్ సంగతి. పున్నమి నాడు తీయకు. సూర్యుడు మన వెనక నుంచి నేరుగా కొడుతుంటే చంద్రుడి మీద నీడలుండవు, నీడ లేని గుంట మనకు కనబడదు. మచ్చలు, టైకో అనే బిలం చుట్టూ తెల్లటి చారలు, అంతే. గుంటలు కావాలంటే శుద్ధ అష్టమి, నవమి, దశమి. అష్టమి నాటికి వెలుగు గీత చంద్రుడి మధ్యకు వస్తుంది. క్లావియస్ ఆ మధ్యగీతకు పడమరగా 14 డిగ్రీల దూరంలో ఉంది. గీత రోజుకు పన్నెండు డిగ్రీలకు పైగా జరుగుతుంది కాబట్టి, అష్టమి దాటిన మర్నాడు సాయంత్రానికి, అంటే సుమారు నవమికి, క్లావియస్‌లో తెల్లవారుతుంది. కేలండర్‌లో తిథి చూసుకుంటే చాలు, వేరే యాప్ అక్కర్లేదు. ఏ కొస దక్షిణమో తెలియకపోతే, గీత పొడవునా చూడు: గుంటలు కిక్కిరిసి ఉన్న కొసే దక్షిణం.

నవమి నాడు చంద్రుడు నడినెత్తికి దగ్గరగా వచ్చేది రాత్రి ఏడెనిమిది గంటలకే. మాఘం, ఫాల్గుణంలో అయితే మన వైపు దాదాపు నడినెత్తి మీదికే వస్తాడు. మెడ నొప్పి ఖాయం, ట్రైపాడ్ తల కూడా అంత పైకి తిరగనంటుంది. అయినా అదే మంచి కాలం, ఎందుకంటే నడినెత్తి మీద మనకూ చంద్రుడికీ మధ్య గాలి తక్కువ. మహేంద్రతనయ మీద నుంచి మంచు లేవకముందే పని కూడా అయిపోతుంది.

నేను మొదట మా డాబా మీద నుంచి తీసేవాణ్ణి. పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రి పది దాకా ఆ వేడిని కక్కుతూనే ఉంటుంది. లైవ్ వ్యూలో పది రెట్లు పెద్దది చేసి చూస్తే చంద్రుడి అంచు నీళ్ళ అడుగున రూపాయి బిళ్ళలా అల్లాడుతుంది. దానికి తోడు మీ గుణుపురం రైలు వెళ్తే డాబా సన్నగా వణుకుతుంది. ఇప్పుడు పెరట్లో మట్టి నేల మీద పెడుతున్నాను. తేడా మొదటి రోజే కనబడింది. ట్రైపాడ్ లేకపోతే పెరటి అరుగు మీద బియ్యం మూట వేసి దానిలో లెన్స్‌ను కూరుకున్నా పని జరుగుతుంది.

సెట్టింగులు ఇవి. 300 దగ్గర f/8. చవక 70-300లు పూర్తిగా తెరిస్తే మెత్తగా ఉంటాయి, గట్ల చుట్టూ ఊదారంగు వస్తుంది. f/8లో హద్దు 5 నుంచి 7కు పెరిగినా మొత్తం మీద లాభమే. ఐఎస్‌ఓ 200, షట్టర్ 1/125 దగ్గర మొదలుపెట్టి, వెలుగు వైపు తెల్లగా కాలిపోకుండా షట్టర్ తెరిచి ఉండే సమయాన్ని ఎంత పెంచగలిగితే అంత పెంచు. గుంటలుండే గీత దగ్గర చంద్రుడు చాలా మసక కాబట్టి అక్కడ వెలుతురు కావాలి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్స్‌లోని స్టెబిలైజేషన్ ఆపు. పాత లెన్స్‌లలో అదే బొమ్మను కదుపుతుంది. బటన్ చేత్తో నొక్కకు, రెండు సెకన్ల టైమర్ పెట్టు.

ఫోకస్ ఒక్కటే ఓపిక అడిగే పని. ఆటోఫోకస్ తీసెయ్. లెన్స్ మీద అనంతం గుర్తు దగ్గర ఆపితే చాలనుకోకు, అది ఉజ్జాయింపు. లైవ్ వ్యూలో వెలుగు గీతను పదిరెట్లు పెద్దది చేసి, రింగును వెంట్రుకవాసి తిప్పుతూ, పదును వచ్చి మళ్ళీ పోయేదాకా వెళ్ళి, వెనక్కి రావాలి. రెండుమూడుసార్లు అటూ ఇటూ తిప్పితే ఆ చోటు వేళ్ళకు తెలుస్తుంది. చల్లబడే కొద్దీ ఆ ఫోకస్ చోటు పక్కకు జరుగుతుంది కాబట్టి అరగంటకోసారి మళ్ళీ చూడాలి.

మొన్న ఫాల్గుణ నవమి నాడు నేను ఎనభై రా ఫ్రేములు తీశాను, మూడేసి సెకన్లకొకటి. నాలుగు నిమిషాలు పట్టింది. ఆ లోపల చంద్రుడు ఒక డిగ్రీ, అంటే తన వెడల్పుకు రెండింతలు, పక్కకు జరిగాడు. అయినా ఫ్రేములోనే ఉన్నాడు, ట్రైపాడ్ ముట్టుకోవాల్సిన పని లేకపోయింది. నా 24 మెగాపిక్సెల్ క్రాప్ కెమెరాలో 300 దగ్గర చంద్రుడు సెన్సర్ మీద 2.7 మిల్లీమీటర్లు, సుమారు 700 పిక్సెళ్ళు. పిక్సెల్‌కు అయిదు కిలోమీటర్లు. క్లావియస్ నాకు నలభై ఆరు పిక్సెళ్ళ పొడవు, పాతిక వెడల్పు. అంత చిన్న చోటులోంచి నిజం లాగాలి.

ఇన్ని ఫ్రేములెందుకంటే గాలి క్షణక్షణానికీ మారుతుంది. ఎనభైలో ఒక పాతిక నిశ్చలంగా దొరుకుతాయి, మిగతావి అలల మీద ఉంటాయి. పదునూ నాయిస్ రిడక్షనూ రెండూ సున్నాలో పెట్టి రా ఫైళ్ళను 16 బిట్ టిఫ్‌లుగా మార్చాను. ఇది మరిచిపోతే ఫోన్‌ను తిట్టిన పనే మన కంప్యూటర్ చేసిపెడుతుంది. వాటిని PIPP అనే ప్రోగ్రామ్‌లో వేసి చంద్రుణ్ణి మధ్యకు తెచ్చి కత్తిరించాను. తర్వాత AutoStakkert! అనే ఇంకో ప్రోగ్రామ్‌లో మంచివి 24 ఎంచి పేర్చాను. పాతిక ఫ్రేములు పేర్చితే గింజ అయిదో వంతుకు తగ్గుతుంది. అప్పుడే పదును పెట్టడానికి ధైర్యం వస్తుంది. పదును పెట్టింది RegiStax అనే ప్రోగ్రామ్‌లోని వేవ్‌లెట్ మీటలతో.

అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఆ మీట లాగుతుంటే చంద్రుడు కళ్ళముందే అద్భుతంగా మారుతుంటాడు, చెయ్యి ఆగదు. ఎక్కువైందని చెప్పే గుర్తులు రెండు. చంద్రుడి బయటి అంచు వెంట తెల్లటి దారం, దాని లోపల నల్లటి దారం పుడతాయి. నున్నగా ఉండాల్సిన నల్లటి మచ్చల మీద పురుగులు పాకినట్టు గీతలు వస్తాయి. అవి కనబడ్డాయంటే చంద్రుడి మీద మనమే పెయింట్ వేస్తున్నాం, ఫోన్‌ను అనడానికి నోరుండదు.

అందుకే నేను ఒక అలవాటు పెట్టుకున్నాను. ఎంచిన 24 ఫ్రేములను తీసిన వరసలో సరి, బేసిగా విడదీసి, పన్నెండు పన్నెండుగా రెండు వేర్వేరు చంద్రుళ్ళను పేరుస్తాను. రెండింటికీ ఒకే పదును, మీటలు ఒకే అంకె మీద. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను. రెండింటిలోనూ ఉన్నది చంద్రుడి మీద ఉన్నది. ఒక దాంట్లోనే ఉన్నది గింజ. రెండింటికీ పెట్టే పదును ఒకటే కాబట్టి అంచు దారాల్లాంటివి ఈ పరీక్షకు చిక్కవు, వాటిని కంటితోనే పట్టాలి. నీడల కోసం నాసా వారి Dial-A-Moon పేజీ ఉంది. తేదీ, గంట ఇస్తే ఆ సమయానికి చంద్రుడి మీద ఏ నీడ ఎక్కడుందో చూపిస్తుంది. దాంతో పోల్చి చూస్తాను తప్ప, దాన్ని చూసుకుంటూ పదును పెట్టను. చూసుకుంటూ పెడితే కన్ను లేనిదాన్ని కూడా తెచ్చుకుంటుంది.

ఆ నవమి ఫలితం: క్లావియస్ తూర్పు గట్టు నీడ నేల మీద నల్లగా పడి ఉంది. రూథర్‌ఫర్డ్ రెండింటిలోనూ గుంటలాగే ఉంది. D ఉంది, అయిదారు పిక్సెళ్ళ చుక్కగా, ఒక పక్క తెలుపు, ఒక పక్క నలుపు. C కూడా రెండింటిలో ఉంది, కానీ గుంటని తెలిసినవాడికే గుంట. N బేసిలో చక్కగా కనబడింది, సరిలో ఆ చోట ఏమీ లేదు. కాబట్టి నా బొమ్మలో N లేదు. హద్దు 7, రెట్టింపు 14, N 13, పైగా అణిగి కనబడే చోటు. లెక్క కూడా అదే అంటోంది.

ఈ 700 పిక్సెళ్ళ చంద్రుడు ఆరు సెంటీమీటర్ల ప్రింట్‌కు నిండుగా సరిపోతాడు. నాలుగు బై ఆరు కార్డు మీద మధ్యలో, చుట్టూ నలుపు వదిలి వేసుకో. మీ మామయ్య కెమెరా ఏ మోడలో చెబితే పిక్సెల్ లెక్క నీకు సరిపడేలా కట్టిస్తాను. నవమి నాడు తీసిన రా ఫ్రేములు ఉంచు, చెడ్డవని తోచినవి కూడా పారేయకు. మంచివి ఏవో కంప్యూటర్‌లో చూశాకే తెలుస్తుంది.